లక్షలో బెడ్‌రూమ్... మిగతా లక్షా ముప్పైఐదు వేలు ఎక్కడ?

ముప్పై సెకన్ల రీల్‌లో గది మారిపోతుంది. అందుకు ఎంతయిందో, ఎలా అయిందో చెప్పాల్సింది మాత్రం దాని కింద రాసే నాలుగు వాక్యాలే.

ఇంటీరియర్ డిజైనర్లు పెట్టే మేకోవర్ రీల్స్‌లో బొమ్మ కన్నా అంకే ఎక్కువ మోసం చేస్తుంది. వైడ్ లెన్సుతో తీసి గదిని కాస్త పెద్దగా చూపించినా, అలాంటి ఫ్లాట్‌లోనే ఉండేవాళ్లు ఆ తేడా పట్టేయగలరు. ‘లక్షలోపే మాస్టర్ బెడ్‌రూమ్’ అన్న మాటను పట్టుకోవడం అంత సులువు కాదు. ఆ లక్ష అబద్ధం కాకపోవచ్చు కూడా. అందులో ఏవి కలిపారో, ఏవి వదిలేశారో చెప్పకపోవడమే అసలు చిక్కు. క్యాప్షన్‌లో బడ్జెట్ వేసినంత మాత్రాన నిజాయతీ అయిపోదు. ఆ డబ్బు దేనికి, దేనికి కాదు, ఏ నిర్ణయంతో పెరిగింది అన్న మూడూ చెప్పినప్పుడే అది చూసేవాళ్లకు పనికొస్తుంది.

లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్ శివార్లలోని ఒక ఫ్లాట్‌లో పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న పడకగది అనుకుందాం. ఇక్కడ వేసే రేట్లు కూడా లెక్క కోసం అనుకున్నవే. ఏడడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు వార్డ్‌రోబ్ అంటే 56 చదరపు అడుగులు. అడుగుకు 1,500 చొప్పున 84,000 రూపాయలు. జిప్సమ్ ఫాల్స్ సీలింగ్‌కు 13,000. ఈ రెండూ కలిపితే 97,000. రీల్‌లో కెమెరా ఎక్కువసేపు నిలిచేది ఈ రెండింటి మీదే కాబట్టి ‘లక్షలోపే’ అని రాసేస్తారు. అదే ఫ్రేములో పుట్టీతో సహా వేసిన రంగు 13,000, లైట్లు, వైరింగు 12,000, స్టోరేజీ మంచం 45,000, కర్టెన్లు 14,000 కూడా ఉన్నాయి. అన్నీ కలిపితే 1,81,000. దాని మీద డిజైనర్ ఫీజు పది శాతం, మొత్తాన్నీ ఒకే కాంట్రాక్టుగా బిల్లు చేస్తే 18 శాతం జీఎస్టీ. చివరికి ఇంటాయన చేతి నుంచి వెళ్లేది దాదాపు 2,35,000 రూపాయలు. పరుపు, ఏసీ ఇంకా లెక్కలోకే రాలేదు.

చదరపు అడుగు రేటులోనూ ఒక మెలిక ఉంది. వార్డ్‌రోబ్‌కు సాధారణంగా ఎదురుగా కనిపించే తలుపుల వైశాల్యాన్నే కొలుస్తారు. లోపల ఎన్ని డ్రాయర్లు, కీలు సాఫ్ట్ క్లోజా మామూలుదా, పైన అటక ఉందా అన్నవి ఆ 56 అడుగుల్లో కనిపించవు. ఒకరు అన్నీ కలిపి 1,500 చెబుతారు. ఇంకొకరు 1,300 చెప్పి డ్రాయర్లకు, హ్యాండిళ్లకు విడిగా వేస్తారు. ప్లైవుడ్ సంగతీ అంతే. ఎంఆర్ రకం గాలిలోని తేమను మాత్రమే ఓర్చుకుంటుంది. బీడబ్ల్యూఆర్ రకం నీటి తాకిడిని అంతకన్నా బాగా తట్టుకుంటుంది. పైన లామినేట్ అతికించాక రెండూ ఒకేలా మెరుస్తాయి. కెమెరాకు తేడా తెలియదు, కాబట్టి క్యాప్షనే చెప్పాలి.

అందుకే ఒక్క అంకె కన్నా ‘ఇంత నుంచి ఇంత’ అనడం మేలు. అలాగని ‘లక్ష నుంచి అయిదు లక్షలు’ అంటే ఏమీ చెప్పనట్టే. పై గదినే తీసుకుందాం. సీలింగ్ మానేసి, ఉన్న వైరింగ్‌నే ఉంచి, ఎంఆర్ ప్లైవుడ్‌తో వార్డ్‌రోబ్ 70,000లో చేయించి, రెడీమేడ్ మంచం 25,000కు, కర్టెన్లు 10,000కు సరిపెట్టుకుంటే ఫీజు, పన్ను కలిపి సుమారు 1,55,000 అవుతుంది. అంటే ఈ గది పరిధి 1.55 లక్షల నుంచి 2.35 లక్షలు. మధ్యలో ఉన్న ఆ 80,000 ఎటు పోయిందో చదివేవాళ్లకు అర్థమవుతుంది. ఏది వదులుకుంటే ఎంత మిగులుతుందో వాళ్లే తేల్చుకుంటారు.

కట్ చేసిన ఆరు వారాలు

రీల్‌లో ‘ముందు’, ‘తర్వాత’ మాత్రమే ఉంటాయి. కొలతలు, డ్రాయింగు, మెటీరియల్ ఎంపిక, వైరింగు, సీలింగు, పుట్టీ, ప్రైమరు, మొదటి కోటు, వడ్రంగం, చివరి కోటు... ఇవన్నీ ఎడిటింగులో పోతాయి. వీటన్నిటినీ క్యాప్షన్‌లోకి ఎక్కించనక్కర్లేదు. ఎంత కాలం పట్టిందో, ప్లాను ఎక్కడ మారిందో చెబితే చాలు. మొదట బయటి గోడకు ఆనించి గీసిన వార్డ్‌రోబ్‌ను, ఆ గోడకు చెమ్మ ఉందని తెలిశాక పక్క గోడకు మార్చారనుకోండి. ఆ ఒక్క వాక్యంతో డిజైనర్ పనితనం కనిపిస్తుంది. తన ఇంట్లోనూ ముందు చెమ్మ చూసుకోవాలన్న ఎరుక చూసేవాళ్లకు కలుగుతుంది.

ఇదంతా ఒక క్యాప్షన్‌లో ఇలా పడుతుంది: ‘10×12 పడకగది, రూ.1.55 నుంచి 2.35 లక్షలు, ఫీజు, జీఎస్టీ కలిపి. మీరు చూస్తున్నది 2.35 లక్షలది. పరుపు, ఏసీ లెక్కలో లేవు. వార్డ్‌రోబ్ బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్, లామినేట్; డ్రాయర్లు, సాఫ్ట్ క్లోజ్ కీలు రేటులోనే. సీలింగ్, కొత్త లైట్లు వద్దనుకుని ఎంఆర్ ప్లైవుడ్, రెడీమేడ్ మంచం తీసుకుంటే కింది అంకె. పని ఆరు వారాలు. బయటి గోడకు చెమ్మ ఉండటంతో వార్డ్‌రోబ్ స్థలం మార్చాం. రేట్లు ఈ నెలవి.’ ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2,200 అక్షరాల దాకా చోటిస్తుంది. ఇది అందులో చిన్న భాగం. అయితే ‘మోర్’ నొక్కకముందు కనిపించేది తొలి వాక్యమే కాబట్టి పరిధి, పన్ను సంగతి అక్కడే ఉండాలి.

డిజైనర్లకు అభ్యంతరాలుంటాయి. ధర చెబితే పోటీవాళ్లు తగ్గించి కొడతారన్నది మొదటిది. వివరాల్లేని ధరను తగ్గించి కొట్టడమే సులువు. ప్లైవుడ్ రకం, కీలు, పన్ను పక్కనే రాసి ఉంటే, తక్కువ చెప్పినవాణ్ని ‘ఇవన్నీ కలిపేనా?’ అని కస్టమరే నిలదీస్తాడు. రెండోది ఇంటివారి గోప్యత. ఇది న్యాయమైన మాటే. అందుకే అసలు బిల్లు కాకుండా పరిధి ఇవ్వడం, చిరునామా చెప్పకపోవడం, షూటింగుకు ముందే అనుమతి కాగితం రాయించుకోవడం. మూడోది, క్యాప్షన్ ఎవరూ చదవరని. సరదాకు చూసేవాళ్లు చదవకపోవచ్చు. ఇల్లు చేయించుకోవాలని చూసేవాళ్లు మాత్రం చదువుతారు. చదవనివాళ్లకు ఆ పరిధిని వీడియో మీదే వేయొచ్చు. అయినా పెద్ద అంకె చూసి కొందరు తప్పుకుంటారన్నది నిజమే. వాళ్లు ఎలాగూ కొటేషన్ చూశాక తప్పుకునేవాళ్లే. అంతలోపు సైటు చూసి, డ్రాయింగు గీసి పోగొట్టుకునే రోజులు మిగులుతాయి.

చట్టం కూడా ఈ వైపే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. 2022లో వచ్చిన మార్గదర్శకాలు, షరతులు కూడా ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఉండాలన్నాయి. వీడియో మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ‘లక్షలోపే’ అని వేసి, ‘పన్నులు అదనం’ అని కింద సన్నటి ఇంగ్లిషులో రాయడం ఈ నియమానికి విరుద్ధం. లైట్ల కంపెనీ సరుకు ఉచితంగా ఇచ్చి ఉంటే అదీ స్పష్టంగా చెప్పాలి. లేకపోతే అదే బడ్జెట్‌లో తమ గదీ అయిపోతుందని చూసేవాళ్లు పొరబడతారు.

ఈసారి నచ్చిన రీల్ కనిపిస్తే ‘ధర ఎంత?’ అని ఒక్క మాట అడిగి ఊరుకోకండి. ఫీజు, జీఎస్టీ కలిపేనా, వీడియోలో కనిపించేవాటిలో లెక్కలో లేనివి ఏవి, ప్లైవుడ్ ఏ రకం అని అడగండి. సూటిగా జవాబిచ్చినవాళ్లనే కొటేషన్ ఇమ్మనండి.