ఆలస్యానికి హెచ్చరిక లేఖ: ఏముండాలి, ఏముండకూడదు

ఉద్యోగి తరచూ ఆలస్యంగా వస్తున్నప్పుడు ఇచ్చే హెచ్చరిక లేఖకు హాజరు రికార్డే ఆధారం. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద వచ్చిన కేంద్ర నమూనా నియమాలు ఆలస్యాన్ని కాదు, అలవాటుగా మారిన ఆలస్యాన్నే దుష్ప్రవర్తనగా లెక్కించాయి. అందువల్ల లేఖ ఆ అలవాటును చూపించాలి.

ఉదాహరణకు ఒక కార్యాలయంలో పని 9.30కి మొదలవుతుంది, పది నిమిషాల వెసులుబాటు ఉంది. ఒక గుమాస్తా జూలైలో ఆరు రోజులు 9.55 తర్వాత వచ్చాడు. ‘మీరు ఎప్పుడూ ఆలస్యమే’ అని రాస్తే అది నిందే అవుతుంది. ఆరు తేదీలు, బయోమెట్రిక్‌లో నమోదైన సమయాలు వరుసగా రాస్తే అది రుజువు. జూన్‌లో నోటిమాటగా హెచ్చరించి ఉంటే ఆ తేదీ కూడా చేర్చాలి.

లేఖకు ముందే అతని సంజాయిషీ అడగడం న్యాయం. తల్లికి డయాలసిస్ ఉన్న రోజుల్లోనే ఆలస్యమైందని తేలితే, హెచ్చరిక కన్నా పనివేళల మార్పు సరైన పరిష్కారం. తగిన కారణం లేకపోతే ఆ సంజాయిషీ ఎందుకు సరిపోలేదో లేఖలో ఒక వాక్యంలో చెప్పాలి.

చివర్లో ఏం మారాలో, ఎప్పటిలోగా మారాలో, మారకపోతే ఏ నియమం కింద చర్య ఉంటుందో స్పష్టం చేయాలి. బద్ధకం, నిర్లక్ష్యం వంటి మాటలు వద్దు. అదే తప్పు చేసిన ఇతరులకూ ఇదే లేఖ అందాలి. లేకుంటే వివక్ష ఆరోపణ నిలుస్తుంది.

ప్రతిపై ఉద్యోగి సంతకం అందినట్టు గుర్తు మాత్రమే, ఒప్పుకోలు కాదు. సంతకానికి నిరాకరిస్తే ఇద్దరు సాక్షులతో ఆ విషయం నమోదు చేసి, లేఖను స్పీడ్ పోస్టులో ఇంటికి పంపి రసీదును ఫైలులో ఉంచాలి.