బండ ఎప్పుడు పెట్టాం? ఫిల్టర్ ఎప్పుడు మార్చాం?

తెలుగిళ్ళలో వంటగది గోడకు వేలాడే క్యాలెండర్ పండుగలకూ ముహూర్తాలకూ మాత్రమే కాదు. పాల లెక్క, పనిమనిషి రాని రోజులు, చీటీ కట్టిన తేదీ అన్నీ అందులోనే ఉంటాయి. ఏదో ఒక గడిలో పెన్సిల్‌తో ‘గ్యాస్’ అని రాసి ఉంటుంది. కొత్త బండ పెట్టిన రోజు అది. నెల తిరిగాక ఆ గడి వైపు చూసి, ‘ఇంకో వారం వస్తుంది, బుక్ చేయాలి’ అని ఇల్లాలు నోటి లెక్క వేస్తుంది.

ఇప్పుడు ఆ పని ఫోన్లకు చేరింది. గ్యాస్, వాటర్ ఫిల్టర్, ట్యాంకు శుభ్రం అన్నీ రిమైండర్లుగా మోగుతున్నాయి. అయితే చాలామంది వీటన్నిటికీ ఒకే పద్ధతిలో నెలకనో ఆరు నెలలకనో తేదీ పెట్టేస్తారు. చిక్కు అక్కడే వస్తుంది. బండ వాడకాన్ని బట్టి అయిపోతుంది, ఫిల్టర్ వచ్చే నీళ్ళను బట్టి పాడవుతుంది, ట్యాంకులో మడ్డి కాలాన్ని బట్టి చేరుతుంది. మూడింటికీ తేదీ పట్టుకునే దారులు వేరు.

ఒక ఇంటిని తీసుకుని చూద్దాం. విజయవాడ శివారులో నలుగురు ఉండే ఇల్లు అనుకుందాం. ఒకటే గ్యాస్ బండ. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. కుళాయి నీళ్ళు చాలినన్నాళ్ళు అవి, ఎండాకాలంలో బోరు నీళ్ళు అందులోకి ఎక్కుతాయి. తాగడానికి వంటింట్లో ఆర్‌ఓ యంత్రం ఉంది.

ముందు బండ సంగతి. ఇళ్ళకిచ్చే పెద్ద బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. ఖాళీ బండ బరువు ఎంతో పిడి కింద ఉండే లోహపు పట్టీ మీద రాసి ఉంటుంది. అది బండబండకీ కాస్త మారుతుంది. మన ఇంటి బండ మీద 15.3 అని ఉందనుకుందాం. అంటే నిండుగా వచ్చినప్పుడు 29.5 కిలోలు తూగాలి. ఇంటికి తెచ్చిన మనిషిని తూచి చూపమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది.

బండ పెట్టిన 20వ రోజున రెగ్యులేటర్ ఆపి, తీసి, ప్రయాణం సామాన్లు తూచే కొక్కెం తూకానికి బండను తగిలించి చూశారు. 22.1 కిలోలు వచ్చింది. ఖాళీ బరువు 15.3 తీసేస్తే లోపల మిగిలిన గ్యాస్ 6.8 కిలోలు. అంటే 20 రోజుల్లో 7.4 కిలోలు ఖర్చయింది, రోజుకు 370 గ్రాములు. మిగిలింది ఇంకో 18 రోజులు వస్తుంది. బుక్ చేశాక బండ రావడానికి వాళ్ళ ప్రాంతంలో నాలుగైదు రోజులు పడుతుంది. అంచనా తప్పినా ఇబ్బంది లేకుండా 8 రోజుల గ్యాస్, అంటే సుమారు 3 కిలోలు మిగిలి ఉండగా బుక్ చేయడం మేలు. కాబట్టి ఫోన్‌లో రిమైండర్ సరిగ్గా పది రోజుల తర్వాతికి పెట్టుకోవాలి.

ఇలా ఒక్కసారి తూస్తే చాలు, ఆ ఇంటి వాడకం తెలిసిపోతుంది. ఆ తర్వాత ప్రతిసారీ బండ పెట్టిన రోజు నుంచి 30వ రోజుకు రిమైండర్ వస్తే సరిపోతుంది. లెక్క మొదలయ్యేది బండ పెట్టిన రోజు నుంచే తప్ప నెల ఒకటో తారీకు నుంచి కాదు. సంక్రాంతికి చుట్టాలు దిగి నాలుగు రోజులు పిండివంటలు చేస్తే మాత్రం తేదీ ముందుకు జరుగుతుంది. అప్పుడు బండను మరోసారి తూచవచ్చు. తూకం లేకపోతే పాత చిట్కా ఒకటుంది. తడిగుడ్డతో బండను పైనుంచి కిందికి తుడిస్తే పైభాగం తొందరగా ఆరిపోతుంది, ద్రవరూపంలో గ్యాస్ ఉన్నంత మేర తడి కాసేపు నిలుస్తుంది. రెండు బండల కనెక్షన్ ఉన్నవాళ్ళకు ఇంత లెక్క అక్కర్లేదు. బండ మార్చిన రోజే బుక్ చేస్తే సరి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 దీపావళికి మొదలైన దీపం-2 పథకం కింద నాలుగు నెలలకు ఒకటి చొప్పున ఏడాదికి మూడు ఉచిత బండలు ఇస్తున్నారు. ఆ పథకంలో ఉన్న ఇళ్ళు ఒక్కో విడత గడువు ముగిసే తేదీని కూడా విడిగా గుర్తు పెట్టుకోవాలి. వాడకం తక్కువైన ఇంట్లో బండ అయ్యే రోజూ విడత ముగిసే రోజూ ఒకటి కావు.

ఇక ఫిల్టర్. చాలా యంత్రాల మీద ఎర్ర దీపం వెలిగి ‘మార్చండి’ అంటుంది. ఎక్కువ నమూనాల్లో ఆ దీపం రోజుల్నో లీటర్లనో లెక్కపెట్టి వెలుగుతుంది. నీళ్ళెలా ఉన్నాయో దానికి తెలియదు. పైగా ఆర్‌ఓ యంత్రంలో ఫిల్టర్ అంటే ఒకటి కాదు. మట్టినీ తుప్పునూ ఆపే తెల్లటి దారపు ఫిల్టర్ ఒకటి, క్లోరిన్‌ను పీల్చే బొగ్గు ఫిల్టర్ ఒకటి, ఉప్పును వేరుచేసే మెంబ్రేన్ ఒకటి. మూడూ మూడు రకాలుగా పాడవుతాయి.

దారపు ఫిల్టర్ కంటికే కనిపిస్తుంది. తెల్లనిది గోధుమ రంగుకు తిరిగి, ముప్పావుగంటలో నిండే యంత్రం తొట్టి గంటన్నర తీసుకుంటోందంటే దాని పని అయిపోయినట్టు. వానాకాలంలో నదికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు ఇది రెండు మూడు నెలలకే మూసుకుపోవచ్చు. బొగ్గు ఫిల్టర్‌ను చూసి చెప్పలేం. కాబట్టి దానికి మాత్రం తేదీయే గతి, ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చాలి. దాన్ని నిర్లక్ష్యం చేస్తే నష్టం దానితో ఆగదు. అది వదిలేసిన క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది, యంత్రంలో ఖరీదైన భాగం అదే.

మెంబ్రేన్‌కు కొలత ఉంది. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటర్ నీళ్ళలో కరిగిన లవణాలను లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపిస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. బయటికొచ్చే నీళ్ళను మాత్రమే కొలిచి, అంకె తక్కువగా ఉందని ఊరుకుంటారు. మన ఇంట్లో ఏప్రిల్‌లో బోరు నీళ్ళు 900 చూపించాయి, యంత్రం నుంచి వచ్చినవి 72. వందకు 8 పాళ్ళే దాటాయి, మెంబ్రేన్ బాగుంది. ఏడాదిన్నర గడిచి, అక్టోబరులో మళ్ళీ కొలిస్తే బయటికొచ్చేవి మళ్ళీ 72. ఏమీ మారలేదనిపిస్తుంది. కానీ అప్పుడు లోపలికి వెళ్తున్నది కుళాయి నీరు, అది 360 మాత్రమే. వందకు 20 పాళ్ళు దాటిపోతున్నాయి. అంకె అదే ఉన్నా మెంబ్రేన్ అరిగిపోయింది. వచ్చే ఎండాకాలంలో బోరు నీళ్ళు మొదలయ్యాక ఆ సంగతి నాలుకకే తెలుస్తుంది.

అందుకే ఈ రిమైండర్ ‘మెంబ్రేన్ మార్చాలి’ అని కాకుండా ‘లోపలి నీళ్ళు, బయటి నీళ్ళు కొలవాలి’ అని మూడు నెలలకోసారి రావాలి. దాటే పాళ్ళు వందకు ఇరవైకి చేరితే మార్చే సమయం వచ్చినట్టు. ఒక జాగ్రత్త. కొన్ని యంత్రాల్లో రుచి కోసం కాస్త మామూలు నీటిని కలిపే మరతీగ ఉంటుంది. మెకానిక్ దాన్ని తిప్పి వెళ్ళినా అంకె పెరుగుతుంది. మెంబ్రేన్ కొనే ముందు అది చూడమనాలి. ఈ మీటర్ లవణాలనే చూపుతుంది, క్రిముల్ని కాదు అన్నది కూడా గుర్తుండాలి.

ట్యాంకుకు ఇన్ని లెక్కలు లేవు. ఏడాదికి రెండుసార్లు కడిగితే మామూలు ఇంటికి సరిపోతుంది. ఎప్పుడన్నదే ముఖ్యం. వానలు తగ్గేసరికి అడుగున ఒండ్రు చేరి ఉంటుంది, కాబట్టి ఒకటి దీపావళి ముందు. ఎండలు ముదిరితే కడగడానికి నీళ్ళుండవు, కాబట్టి రెండోది ఉగాది ముందు. ఇల్లు దులుపుకునే రోజులు ఎలాగూ అవే.

ముందురోజు మోటారు వేయకుండా నీళ్ళు వాడేసుకోవాలి. మిగిలిన నీళ్ళు వదిలేసి, సబ్బు పెట్టకుండా బ్రష్‌తో గోడల పాకుడు రుద్ది, మడ్డిని బయటికి ఎత్తేయాలి. తర్వాత క్రిములు చచ్చేందుకు క్లోరిన్. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో మూడోవంతు క్లోరిన్ ఉంటుంది. వెయ్యి లీటర్ల ట్యాంకుకు 150 గ్రాముల పొడి తీసుకుని బకెట్ నీళ్ళలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోసి, ట్యాంకు నింపాలి. ప్రతి కుళాయీ విప్పి వాసన వచ్చాక కట్టేసి, ఒక పగలూ రాత్రీ అలాగే వదిలేయాలి. ఆ నీళ్ళు తాగకూడదు, పూర్తిగా వదిలేసి మళ్ళీ నింపుకోవాలి. చాన్నాళ్ళు మూత తీసి ఉంచిన పొడిలో బలం ఉండదు, కొత్త పొట్లం వాడాలి. బాత్రూమ్ యాసిడ్‌ను దీనితో పొరపాటున కూడా కలపకూడదు, విషవాయువు వస్తుంది. నేలలోని సంపులోకి ఒంటరిగా దిగకూడదు. మూత తీసి గాలి ఆడనిచ్చి, మోటారు కరెంటు ఆపి, పైన ఒక మనిషి ఉండగానే దిగాలి.

మూత బిగువుగా ఉందో లేదో, పొర్లు గొట్టానికి జాలీ ఉందో లేదో చూడటం మాత్రం వారం వారం చేయాల్సిన పని. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం నుంచి పది రోజులు పడుతుంది. శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమని ఆరోగ్య శాఖ చెప్పడానికి కారణం అదే.

ఈ మూడు పనుల్లో చివరి రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ట్యాంకు కడిగినప్పుడు లేచే మడ్డి నేరుగా దారపు ఫిల్టర్‌కు చేరుతుంది. గాఢమైన క్లోరిన్ నీళ్ళు యంత్రంలోకి వెళ్తే బొగ్గునూ మెంబ్రేన్‌నూ దెబ్బతీస్తాయి. అందుకని ట్యాంకు కడిగే ముందు ఆర్‌ఓకు నీళ్ళిచ్చే కుళాయిని కట్టేయాలి, కొత్త నీళ్ళు నింపి గొట్టాలు కడిగాకే విప్పాలి. ఫిల్టర్ మార్చే తేదీ కూడా ట్యాంకు కడిగిన తర్వాతి వారానికి పెట్టుకోవాలి. ముందు ఫిల్టర్ మార్చి తర్వాత ట్యాంకు కడిగించిన ఇంట్లో కొత్త ఫిల్టర్ వారానికే గోధుమ రంగుకు తిరగడం మెకానిక్‌లు తరచూ చూసేదే.

ఫోన్‌లో పెట్టేటప్పుడు ఒక తేడా గమనించాలి. ‘ప్రతి ఆరు నెలలకూ’ అని పెడితే పని రెండు నెలలు ఆలస్యమైనా తర్వాతి గంట పాత తేదీకే మోగుతుంది. పని పూర్తయిన రోజు కొత్త రిమైండర్ పెట్టుకుంటే లెక్క తప్పదు. మోగే వేళ కూడా ఇంట్లో ఉండే సమయం కావాలి. ఆఫీసులో ఉండగా మోగిన ట్యాంకు సంగతి సాయంత్రానికి గుర్తుండదు.

ఫోన్ వద్దనుకున్నవాళ్ళకు క్యాలెండర్ ఉండనే ఉంది. ఈసారి బండ మార్చిన రోజు ఆ గడిలో ‘గ్యాస్’ పక్కన పట్టీ మీది ఖాళీ బరువును కూడా రాయండి. ట్యాంకు కడిగిన తేదీని మూత మీద పెయింట్‌తో రాయండి. టీడీఎస్ అంకెలు రెండూ యంత్రం పక్కనే కాగితం మీద అతికించండి. ఇంట్లో ఎవరు చూసినా తర్వాతి తేదీ అక్కడే తెలుస్తుంది.