98 తలకిందులైతే 86

వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ తెర మీద 98 ఉందనుకోండి. ఎదుటి వైపు నుంచి చూసేవాళ్లకు అదే 86. ఆ అంకెల అచ్చు అలాంటిది. 99ని తిప్పితే 66, 68ని తిప్పితే 89.

ఒక రాత్రి మా పెద్దమ్మ కొడుకు వాట్సాప్‌లో ఫొటో పంపి, వెంటనే ఫోన్ చేశాడు. "తమ్ముడూ, అమ్మకి ఆక్సిజన్ 89 చూపిస్తోందిరా, అంబులెన్స్ పిలవనా?" ఫొటోలో ఎడమవైపు 89, కుడివైపు 86 ఉన్నాయి. కానీ అంకెల పక్కనున్న %SpO2, PR అన్న చిన్న అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. "అన్నయ్యా, పెద్దమ్మకి ఆయాసం ఏమైనా ఉందా?" అని అడిగాను. లేదు, ఎందుకీ హడావుడి అని ఆవిడ విసుక్కుంటోందట. ఫొటో తిప్పి చూడమన్నాను. అసలు సంఖ్యలు ఆక్సిజన్ 98, నాడి 68. అక్షరాలు నిటారుగా ఉండి, నిజంగానే 89 కనిపిస్తే మాత్రం ఫొటో గురించి చర్చిస్తూ కూర్చోకూడదు, బయల్దేరాల్సిందే.

* * *

ముందువైపు ఫొటో చూపించి "ఇది ఏ కంపెనీది, మంచిదేనా?" అని అడుగుతుంటారు. ఆ ఫొటోతో చెప్పలేం. ఒకే ప్లాస్టిక్ ఒళ్లు, ఒకే తెర ఉన్న పరికరం పది పేర్లతో అమ్ముడవుతుంది. మీద ముద్రించిన పేరు ఒక్కటే మారుతుంది. మాట్లాడేది వెనకవైపు చీటీ. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, తయారీదారు చిరునామా అక్కడ ఉండాలి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందికి వచ్చాయి. అందుకే ఇప్పుడు కొనే పెట్టె మీద తయారీ లైసెన్సు నంబరో, దిగుమతి లైసెన్సు నంబరో వెతకండి. వాటిలో సాధారణంగా MD అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఫొటో అడిగేటప్పుడే "వెనక్కి తిప్పి ఒకటి, పెట్టెది ఒకటి" అని అడగడం నాకు అలవాటైంది.

* * *

పెట్టె మీద మెరిసే FDA ముద్ర చూసి నమ్మేవాళ్లు చాలామంది. అమెరికా ఎఫ్‌డీఏ తన ముద్రను కంపెనీల సరుకు మీద వేసుకోనివ్వదు. ఆ సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకోవడం వేరు, పరికరాన్ని అది పరిశీలించి అమ్మకానికి ఒప్పుకోవడం వేరు. పరిశీలన జరిగిన ఆక్సీమీటర్‌కు K అక్షరం, దాని వెనక ఆరంకెలు ఉన్న నంబరు ఉంటుంది. CE గుర్తుదీ అలాంటి కథే. ఆక్సీమీటర్‌ను బయటి సంస్థ ఒకటి తనిఖీ చేయాలి, ఆ సంస్థకున్న నాలుగంకెల నంబరు CE పక్కనే ఉండాలి. ఒట్టి CE మాత్రమే ఉంటే నేను అనుమానిస్తాను. ఎక్కడో ఒక మూల "వైద్య అవసరాలకు కాదు, క్రీడలకు" అని చిన్న అక్షరాలుంటే ఆ మాటే నమ్మండి.

* * *

తెర మీద 98 ఉన్న ఫొటో పరికరం మంచిదని రుజువు చేయదు. ఈ ఒక్కటీ అందరికీ తెలియాలని నా కోరిక. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఆక్సిజన్ ఎలాగూ ఆ చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి చెత్త పరికరమూ అక్కడ సరిగ్గానే కనిపిస్తుంది. తేడా బయటపడేది ఆక్సిజన్ పడిపోయినప్పుడు, అంటే మనకు అది అవసరమైనప్పుడు. 2016లో అమెరికా పరిశోధకులు ఆరు చవక ఆక్సీమీటర్లను రక్తపరీక్షతో పోల్చి చూస్తే నాలుగు ప్రమాణాన్ని అందుకోలేకపోయాయి. సరైన పరికరానికీ హద్దుంది. 90 చూపిస్తే అసలు విలువ 86 నుంచి 94 మధ్య ఎక్కడైనా ఉండవచ్చని ఎఫ్‌డీఏ చెబుతుంది. చర్మం ముదురు రంగులో ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020 చివర్లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. మన ఇళ్లలోనూ ఇది గుర్తుంచుకోవలసిన సంగతే.

* * *

జ్వరం చూసే తుపాకీలాంటి థర్మామీటర్ ఫొటో వస్తే రెండు చోట్ల చూస్తాను. నుదుటి మీద ఎర్రని లేజర్ చుక్క పడుతోందా? చీటీ మీద కొలత పరిధి −50 నుంచి 380 డిగ్రీల సెల్సియస్ అని ఉందా? ఈ రెంటిలో ఏది కనిపించినా అది ఫ్యాక్టరీల్లో యంత్రాల వేడి చూసేది, మనుషులది కాదు. ఒంటి జ్వరానికి చేసినదాని పరిధి సుమారు 32 నుంచి 43 దగ్గర ఆగిపోతుంది.

* * *

పెన్సిల్ పెట్టినా ఆక్సిజన్ చూపించే ఆక్సీమీటర్ల వీడియోలు కరోనా రోజుల్లో తిరిగాయి. ఆ పరీక్ష ఒక్కటే చాలదు. బయటి వెలుతురు, చేతి కదలిక వల్ల అసలైన పరికరం కూడా ఒక్కోసారి పెన్సిల్‌కు ఏదో సంఖ్య చూపిస్తుంది. అంతకంటే పనికొచ్చేది నాడి పోలిక. ఫొటోకు బదులు అరనిమిషం వీడియో తీయమనండి. అదే సమయంలో రెండో చేతి మణికట్టు దగ్గర ఇంకొకరు నాడి లెక్కపెట్టి, వచ్చినదాన్ని రెట్టింపు చేయాలి. మణికట్టు దగ్గర 35 వస్తే తెర మీద నాడి 70 దగ్గర తిరగాలి, పక్కనున్న గీత ప్రతి దెబ్బకూ లేచి పడాలి. రెండుమూడు తేడా పర్వాలేదు. నాలుగు మెట్లు ఎక్కి దిగొచ్చి చేతిలో 50 లెక్క తేలినా తెర 70నే పట్టుకుని ఉంటే, ఆ పరికరం వేలిని చదవడం లేదు. నాడి సరిపోయినంత మాత్రాన ఆక్సిజన్ అంకె సరైనదని కాదు గానీ, సరిపోకపోతే దాన్ని పక్కన పెట్టేయవచ్చు.