ఫ్యాను గుయ్‌మంటోందా? ముందు రెగ్యులేటరు చూడండి

బరంపురంలోని మా తెలుగు బడిలో మూడో తరగతి పిల్లలకు వారానికి రెండుసార్లు పదాలు చెప్పి రాయిస్తాం. ఈ వేసవి మొదట్లో వెనక వరుస పిల్లల పలకల్లో ఒకేరకం తప్పులు కనిపించాయి. ‘గాలి’ అంటే ‘కాలి’ అని, ‘దారం’ అంటే ‘తారం’ అని రాస్తున్నారు. ముందు వరుసవాళ్లు సరిగ్గానే రాస్తున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే పిల్లలు కదా, అక్షరాలు తడబడుతున్నారేమో అనుకున్నాం. ఒకరోజు కరెంటు పోయింది. అవే పదాలు మళ్లీ చెప్తే వెనకవాళ్లూ చక్కగా రాశారు. అప్పుడు అర్థమైంది, తప్పు పిల్లలది కాదు, వాళ్ల నెత్తిమీద తిరిగే ఫ్యానుదని. పుస్తకాల కాగితాలు ఎగరకుండా దాన్ని రెండో నంబరులో పెడతాం. ఆ వేగంలో అది గుయ్‌మంటూనే ఉంటుంది.

స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. రెగ్యులేటరు మూత కాస్త గోధుమరంగుకు తిరిగింది. దగ్గర చెయ్యి పెడితే సెగ తగులుతోంది. పిల్లల సంచులు తగిలించే మేకులు ఆ బోర్డు పక్కనే ఉన్నాయి. చప్పుడు సంగతి అలా ఉంచి, ఇక ఆ రోజే మెయిన్ ఆపించాం.

చప్పుడు ఎక్కడిది?

కొత్త రెగ్యులేటరు కొనేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దానికి పనిముట్లు అక్కర్లేదు. నాబ్‌ను చివరిదాకా, అంటే పూర్తి వేగానికి తిప్పి వినండి. రెండో మూడో నంబరులో వినిపించిన గుయ్‌మనే రొద పూర్తి వేగంలో పోతే, కారణం రెగ్యులేటరు రకం. పూర్తి వేగంలోనూ అలాగే ఉంటే ఫ్యాను బేరింగో, బిగుతు తప్పిన మరేదో భాగమో చూసుకోవాలి. రెగ్యులేటరు మార్చినా లాభం ఉండదు. పూర్తి వేగంలో కూడా ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే, ఎక్కువసార్లు అది ఫ్యానులోపలి కెపాసిటరు బలహీనపడిన గుర్తు. అదీ వేరే పనే.

మా ఫ్యాను పూర్తి వేగంలో నిశ్శబ్దమైంది. అంటే దోషం రెగ్యులేటరులోనే ఉంది.

మూడు రకాలు, మూడు పద్ధతులు

పాత బడి భవనాల్లో కనిపించే పెద్ద డబ్బాలాంటి రెగ్యులేటరులో చుట్టిన తీగ ఉంటుంది. ఫ్యానుకు వెళ్లే కరెంటును ఆ తీగ అడ్డుకుంటుంది, అడ్డుకున్నదంతా వేడిగా మారుతుంది. కనుక తక్కువ వేగంలో ఆ డబ్బా వెచ్చబడటం దాని స్వభావం. చప్పుడు పెద్దగా చేయదు కానీ కరెంటును వేడిగా ఖర్చుచేస్తుంది.

రెండోది ఎలక్ట్రానిక్ రకం. నంబర్ల దగ్గర టక్‌మని ఆగకుండా నాబ్ నున్నగా తిరిగిపోయేవి సాధారణంగా ఇవే. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఈ రెగ్యులేటరు ఒక్కో ఊపులో రెండుసార్లు, అంటే సెకనుకు 100 సార్లు, కరెంటును కాసేపు ఆపి ఉన్నట్టుండి వదులుతుంది. కాలువ తలుపును నెమ్మదిగా దించకుండా, టపాటపా మూసి తెరిచినట్టు. ఆ కుదుపులకు ఫ్యాను మోటారులోని ఇనుప రేకులు, తీగచుట్టలు కంపించి గుయ్‌మంటాయి. అందుకే చప్పుడు పైన ఫ్యానులో వినిపిస్తుంది, కారణం మాత్రం కింద గోడమీద ఉంటుంది.

మూడోది కెపాసిటరు రకం. అంగళ్లలో దీన్ని ‘స్టెప్ టైపు’ అంటారు. నాబ్ ఒక్కో నంబరు దగ్గర టక్‌మని ఆగుతుంది. లోపల చిన్న కెపాసిటర్లు ఉంటాయి. నంబరు మార్చినప్పుడల్లా వేరే కెపాసిటరో, వాటి కలయికో దారిలోకి వస్తుంది. ఇది కరెంటు ఊపును ముక్కలు చేయదు, తగ్గిస్తుంది అంతే. అందుకే మోటారు గుయ్‌మనదు, రెగ్యులేటరూ దాదాపు చల్లగానే ఉంటుంది. మామూలు సీలింగు ఫ్యాను చప్పుడు పోవాలంటే కొనవలసింది ఇదే. హోసూరులో అడిగినా షోలాపూరులో అడిగినా ‘స్టెప్ టైపు ఫ్యాన్ రెగ్యులేటరు’ అంటే అంగడివాళ్లకు అర్థమవుతుంది. దాదాపు అదే రూపంలో ఉండే లైటు డిమ్మరును పొరపాటున తెచ్చుకోకండి, అది ఫ్యానుకు పనికిరాదు.

వేడి ఎందుకొచ్చింది?

వైర్‌మన్ వచ్చి మూత విప్పగానే కారణం కంటికి కనిపించింది. రెగ్యులేటరు నుంచి ఫ్యానుకు వెళ్లే స్క్రూ కింద ఒక తీగ ఉండాలి. మా బోర్డులో రెండు ఉన్నాయి. ఎప్పుడో ఎవరో గదిలోని రెండు ఫ్యాన్లనూ ఒకే రెగ్యులేటరుకు కలిపేశారు. తరగతి గదుల్లో ఇది తరచుగా జరిగే పొరపాటే.

లెక్క చూడండి. మా ఫ్యాన్ల మీద 75 వాట్లని రాసి ఉంది. రెండూ కలిపితే 150. రెగ్యులేటరు మీద రాసినది 100 వాట్లు. మోయగలిగిన దానికి ఒకటిన్నర రెట్ల బరువు వేశామన్నమాట. పైగా ఒక తీగకని చేసిన స్క్రూ రెండింటినీ గట్టిగా పట్టలేదు. ఒక తీగ చివర వదులై నల్లబడింది. వదులైన చోట కరెంటు నలిగి నలిగి వెళ్తుంది, అక్కడే వేడి పుడుతుంది. ఈ రెండూ కలిసే మూతను మాడ్చాయి.

మీ దగ్గర రెగ్యులేటరు పూర్తి వేగంలో పెట్టినా బాగా వేడెక్కుతుంటే వదులు స్క్రూనే ముందు అనుమానించండి. ఆ స్థానంలో వేగం తగ్గించే పని ఉండదు కాబట్టి అంత వేడికి వేరే కారణం అరుదు. మాడిన వాసన వచ్చినా, మూత పగిలినా తాకి చూడొద్దు. మెయిన్ ఆపండి.

స్టెప్ టైపు అయినా ఒకదానికి రెండు ఫ్యాన్లు తగిలించకూడదు. లోపలి కెపాసిటర్లను ఒక్క ఫ్యానుకు సరిపోయేలా ఎంచి పెడతారు. రెండు తగిలిస్తే నంబరుకు తగిన వేగం రాదు. ఫ్యానుకొకటి, అదే సరైన జత.

కొనేటప్పుడు

మేము మూడు విషయాలు చీటీ మీద రాసుకుని అంగడికి వెళ్లాం. ఫ్యాను ఎన్ని వాట్లది, స్టెప్ టైపే కావాలి, బోర్డులో చోటెంత. మూడోదాన్ని చాలామంది మరచిపోతారు. ఇప్పటి మాడ్యులర్ బోర్డుల్లో రెగ్యులేటరు ఒక గడి పట్టేదీ ఉంటుంది, రెండు గడులు పట్టేదీ ఉంటుంది. ఒక కంపెనీది ఇంకో కంపెనీ చట్రంలో సాధారణంగా కూర్చోదు. పాతదాన్ని ఫొటో తీసి చూపించడం మంచిది. మాది పాత చెక్కబోర్డు, కాబట్టి సాకెట్ సైజువి రెండు తెచ్చుకున్నాం.

ఒక హెచ్చరిక. రిమోటుతో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యానును ఎవరైనా దాత ఇస్తే దానికి ఏ రెగ్యులేటరూ వద్దు. వేగం మార్చే ఏర్పాటు దాని లోపలే ఉంటుంది. పాత రెగ్యులేటరును దారిలో ఉంచితే ఆ ఫ్యాను లోపలి సర్క్యూటు దెబ్బతినవచ్చు. రెగ్యులేటరు తీసేయించి, స్విచ్ నుంచి నేరుగా కలిపించాలి.

మార్చిన తీరు

ఆదివారం, పిల్లలు లేనప్పుడు, లైసెన్సు ఉన్న వైర్‌మన్ చేత చేయించాం. పక్కన నిలబడి చూశాం కనుక మీకు వరుసగా చెప్పగలుగుతున్నాం. మీ బడిలో చేయించేటప్పుడు ఇవన్నీ జరుగుతున్నాయో లేదో గమనించండి.

మొదట ఆ గది మెయిన్ ఎంసీబీ ఆపారు. ఫ్యాను స్విచ్ ఆపితే చాలనుకోకూడదు. పాత వైరింగులో స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌లో పెట్టినచోట్లు ఉంటాయి. అప్పుడు స్విచ్ ఆపినా రెగ్యులేటరులో కరెంటు ఉంటుంది. మెయిన్ దగ్గర మాలో ఒకరం నిలబడ్డాం, ఎవరూ తెలియక వేయకుండా. వైర్‌మన్ టెస్టరును ముందు పక్కగది ప్లగ్గులో పెట్టి, అది వెలుగుతోందని చూసుకున్నాడు. తర్వాత ఇక్కడి తీగలన్నింటినీ తాకించాడు. మళ్లీ వెళ్లి ఆ ప్లగ్గులోనే చూసుకున్నాడు. టెస్టరే చెడిపోయి ఉంటే కరెంటు లేదని మోసపోతాం కదా!

తర్వాత ఫొటో తీసి, స్విచ్ నుంచి వచ్చే తీగకు ఎర్ర టేపు చుట్టాడు. రెగ్యులేటరు ఫేజు దారిలోనే ఉంటుంది. స్విచ్ నుంచి ఒక తీగ వస్తుంది, ఫ్యానుకు ఒకటి వెళ్తుంది. న్యూట్రల్ తీగ దీన్ని తాకకుండా నేరుగా ఫ్యానుకు పోతుంది. పాతదాన్ని తీసి, తీగల నల్లబడిన చివరలు కత్తిరించి, మెరిసే రాగి దాదాపు ఒక సెంటీమీటరు కనిపించేలా పైపొర తీశాడు. ఎర్ర టేపు తీగ నుంచి చిన్న ముక్కతో రెండో రెగ్యులేటరుకూ కరెంటు ఇచ్చాడు. ఫ్యాన్ల తీగలు రెండింటినీ విడదీసి చెరొకదానికి బిగించాడు. మా అదృష్టం కొద్దీ ఆ రెండు తీగలూ బోర్డుదాకా విడివిడిగానే వచ్చాయి. పైకప్పు దగ్గరే కలిసి ఉంటే కొత్త తీగ లాగాల్సి వచ్చేది. స్క్రూ బిగించాక ఒక్కో తీగనూ లాగి చూశాడు. రాగి బయటికి కనిపించకూడదు, తీగ కదలకూడదు.

మెయిన్ వేశాక ఒక్కో నంబరులో కాసేపు తిప్పి చూశాం. నంబరుకు నంబరుకు వేగం తేడా తెలియాలి. ఏదో ఒక నంబరులో ఫ్యాను ఆగిపోతే ఆ కెపాసిటరు పోయిందన్నమాట, రెగ్యులేటరు వెనక్కి ఇచ్చేయాలి. ఒకటో నంబరులో పాత ఫ్యాను కదలకపోతే, పూర్తి వేగంలో మొదలుపెట్టి తగ్గించి చూడాలి. అప్పుడు తిరిగితే బరువు ఫ్యానుదే, అంటే బేరింగో కెపాసిటరో చూడాలి. అరగంట తర్వాత మూతమీద చెయ్యి పెట్టాం. గోడ ఎంత చల్లగా ఉందో అదీ అంతే.

సంచుల మేకులను మాత్రం అవతలి గోడకు మార్చేశాం. సోమవారం మూడో తరగతికి పదాలు చెప్పాం. ఫ్యాను రెండో నంబరులోనే తిరుగుతోంది. వెనక వరుస పలకల మీద ‘గాలి’ గాలిగానే ఉంది.