గోదావరి హెచ్చరికకు 4096 బైట్లు

యాప్ మూసి ఉన్నా ఫోన్ తెర మీద కనిపించే సందేశమే పుష్ నోటిఫికేషన్. అది యాప్ వాళ్ల సర్వర్ నుంచి తిన్నగా మన ఫోన్‌కు రాదు. ఐఫోన్ అయితే ఆపిల్ సర్వర్ మీదుగా, ఆండ్రాయిడ్ అయితే ఎక్కువగా గూగుల్ సర్వర్ మీదుగా వస్తుంది. మధ్యలో ఉన్న ఈ ఇద్దరూ ఒక కొలత పెట్టారు. సందేశంలో మోసుకొచ్చే సమాచారాన్ని పేలోడ్ అంటారు. మామూలు నోటిఫికేషన్‌కు అది 4096 బైట్లు దాటకూడదు. ఆపిల్ దగ్గర 2014కు ముందు ఈ హద్దు 256 బైట్లే.

ఈ హద్దు తెలుగుకు ఇంకాస్త ఇరుకు. భద్రాచలం అన్న మాటను ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే 12 బైట్లు. తెలుగులో మన కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలే అయినా, కంప్యూటర్ గుణింతాన్నీ ఒత్తునూ విడివిడిగా లెక్కేసి ఎనిమిది గుర్తులు అంటుంది. గుర్తుకు మూడు చొప్పున 24 బైట్లు. కొన్ని ప్రోగ్రాములు తెలుగు గుర్తును నేరుగా పంపకుండా `\u0c2d` లాంటి కోడ్‌గా మారుస్తాయి. పైథాన్‌లో `json.dumps`, పీహెచ్‌పీలో `json_encode` వేరేగా చెప్పకపోతే చేసేది ఇదే. అప్పుడు గుర్తుకు ఆరు బైట్లు, మాటకు 48. మామూలుగా సుమారు 180 తెలుగు మాటలు పట్టే చోట తొంభై కూడా కష్టమవుతుంది.

ఇంగ్లిషు సందేశంతో పరీక్షించినప్పుడు ఏ ఇబ్బందీ కనపడదు. పెద్ద తెలుగు వార్త పంపిన రోజు మాత్రం ఆపిల్ సర్వర్ 413 అనే అంకెతో, `PayloadTooLarge` అనే కారణంతో తిప్పి పంపుతుంది. కోత కోసి పంపడం ఉండదు, మొత్తం సందేశమే ఆగిపోతుంది. పాఠకుడి ఫోన్‌లో ఏమీ కనపడదు కాబట్టి అతను ఫిర్యాదు కూడా చేయడు. సర్వర్ లాగ్ చూసేవాళ్లకే ఆ సంగతి తెలుస్తుంది.

మరి లోపల ఏం పెట్టాలి? వరద రోజుల్లో ఒక వార్తా యాప్ హెచ్చరిక పంపుతోందనుకుందాం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. పంపే సందేశం ఇలా ఉంటే చాలు:

```json
{
  "aps": {
    "alert": {
      "title": "భద్రాచలం",
      "body": "ఉదయం 6 గంటలకు: గోదావరి 43 అడుగులు. మొదటి ప్రమాద హెచ్చరిక."
    },
    "mutable-content": 1
  },
  "type": "flood",
  "id": "48213"
}
```

చదవాల్సిన వాక్యం 150 బైట్ల లోపే ఉంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో, తాకి తెరవకుండానే, మనిషికి కావలసిన కబురు అందింది. ఎన్ని గంటలప్పటి మట్టమో అందులోనే ఉంది. అది లేకపోతే పదింటికి ఫోన్ చూసినవాళ్లు నీళ్లు ఇప్పుడే 43 దగ్గర ఉన్నాయనుకుంటారు. "మరో రెండు అడుగులు పెరిగింది" అని రాయడమూ ప్రమాదమే. ఫోన్ ఆపేసి ఉంటే అంతకుముందు పంపినవన్నీ వరసగా చేరతాయన్న హామీ లేదు. అందుకే ప్రతి సందేశమూ తనంతట తానుగా అర్థం కావాలి.

గంటగంటకూ మారే మట్టం, పునరావాస కేంద్రాల జాబితా, ఏ రోడ్లు మూసేశారన్న వివరం లోపల పెట్టకూడదు. చోటు చాలినా పెట్టకూడదు. ఒకసారి పంపిన సందేశంలోని అంకె తనంతట తాను మారదు. ఆ పని `id`కి అప్పగించాలి. పాఠకుడు తాకగానే యాప్ ఆ నంబరు చూపించి సర్వర్ నుంచి ఆ నిమిషానికి ఉన్న వివరాలు తెచ్చుకుంటుంది.

ఫొటో కూడా పేలోడ్‌లో పట్టదు. దాని లింకును మాత్రం జతచేయవచ్చు. ఐఫోన్‌లో `mutable-content` పెట్టి ఉంటే, సందేశం తెర మీదకు రాకముందే దాన్ని దించుకోవడానికి యాప్‌లోని ఒక చిన్న భాగానికి సుమారు 30 సెకన్లు దొరుకుతాయి. ఆలోగా పని పూర్తి కాకపోతే మొదట పంపిన వాక్యమే కనిపిస్తుంది. ఆ వాక్యాన్ని ఫొటో మీద ఆధారపడకుండా రాయాల్సింది అందుకే.

చాలా యాప్‌లు తడబడేది తాకిన తర్వాతే. నెట్ అందక తెల్లటి తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది, నోటిఫికేషన్ మాత్రం అప్పటికే మాయమై ఉంటుంది. చేతిలో ఉన్న కబురు కూడా పోయినట్టే. సందేశంతో వచ్చిన వాక్యాన్నీ సమయాన్నీ యాప్ వెంటనే చూపాలి, కొత్త వివరాలు వచ్చాక వాటి కింద చేర్చాలి. అవి రాకపోతే "తాజా వివరాలు అందలేదు" అని చెప్పాలి. సిగ్నల్ అస్సలు లేని చోట కూడా, ఉదయం ఆరింటికి 43 అడుగులన్న సంగతి ఆ మనిషి దగ్గరే ఉంటుంది.