మీకు తెలుసా? ‘సౌజన్యం: ఇంటర్నెట్’ అని వేస్తే చెల్లదు

పెళ్లి పత్రికల నుంచి సంఘాల వార్షికోత్సవ సావనీర్ల దాకా ఫొటో కింద తరచూ కనిపించే మాట ‘సౌజన్యం: ఇంటర్నెట్’. కాస్త జాగ్రత్తపరులైతే ‘గూగుల్ సౌజన్యంతో’ అని వేస్తారు. గూగుల్ ఫొటోను వెతికి చూపిస్తుందంతే, దాని మీద హక్కు మాత్రం తీసిన మనిషిదే. ఆ మనిషి ‘డబ్బు కట్టకుండా వాడుకోండి’ అని చెప్పి ఉన్నా, ఆ మాటతో పాటు కొన్ని షరతులు కూడా రాసి ఉంటాడు. వాటినే లైసెన్స్ అంటున్నాం.

వికీమీడియా కామన్స్‌లో చార్మినార్ ఫొటో ఒకటి దొరికిందనుకోండి. కింద CC BY-SA 4.0 అని ఉంది. హైదరాబాద్ మీద మీరు వేస్తున్న పుస్తకంలో దాన్ని వాడుకోవచ్చు, పుస్తకాన్ని అమ్ముకోవచ్చు కూడా. కానీ నాలుగు సంగతులు చెప్పాలి. ఎవరు తీశారు, ఎక్కడ దొరికింది, ఏ లైసెన్స్, మీరు ఏం మార్చారు. ఫొటోకు పేరుంటే దాన్ని కూడా కలిపితే మంచిది. అచ్చులో అది ఇలా ఉంటుంది: ‘ఫొటో: (ఫొటోగ్రాఫర్ పేరు), వికీమీడియా కామన్స్, CC BY-SA 4.0, అంచులు కత్తిరించాం’. పక్కన లైసెన్స్ పేజీ చిరునామా ఇస్తే సరిపోతుంది. ఇది ఫొటో కిందే ఉండాలని లేదు. పుస్తకం మొదట్లో ముద్రణ వివరాలుండే పేజీలో వేసినా, ఏ పేజీలోని ఫొటోకి చెందినదో తెలిసేలా ఉంటే చాలు.

ఇందులో SA అన్న రెండక్షరాలు చాలామందిని భయపెడతాయి. ఫొటోను పుస్తకంలో పెట్టినంత మాత్రాన మీ రచన అందరి సొత్తు అయిపోదు. అయితే అదే చార్మినార్‌ను మరో బొమ్మతో కలిపి, రంగులు మార్చి కొత్త ముఖచిత్రం తయారుచేశారా, ఆ ముఖచిత్రాన్ని మీరు కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. దాన్ని వేరేవాళ్లు వాడుకుంటే మీరు అడ్డు చెప్పలేరు. అది ఇష్టం లేకపోతే SA లేని ఫొటో వెతుక్కోవడమే. NC అని ఉంటే మాత్రం ధర పెట్టి అమ్మే పుస్తకానికి దాని జోలికి వెళ్లకపోవడం మేలు. అది వ్యాపారానికి పనికిరాదన్న షరతు.

పేరు వేయడం మరిచిపోతే ఏమవుతుంది? ఇక్కడ చివరి అంకెను చూడాలి. 4.0 లైసెన్స్ అయితే, తప్పు మీకు తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దితే పోయిన అనుమతి తిరిగి వస్తుంది. 2.0, 3.0 వంటి పాతవాటిలో ఆ వెసులుబాటు లేదు. షరతు తప్పిన క్షణంలోనే అనుమతి రద్దవుతుంది. పాత లైసెన్స్‌తో ఫొటోలు పెట్టి, పేరు వేయనివాళ్లను సాఫ్ట్‌వేర్‌తో వెతికి పట్టుకుని, పరిహారం కట్టమని నోటీసులు పంపడమే పనిగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు, ఒకేలాంటి రెండు ఫొటోలు ఎదురైతే 4.0 ఉన్నదే ఎంచుకోవడం తెలివైన పని.

ఇంత జాగ్రత్తగా పేరు వేసినా కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. 2007లో ఆస్ట్రేలియాలో వర్జిన్ మొబైల్ సంస్థ ఒక ప్రకటన వేసింది. అందులో ఉన్నది అమెరికాలోని టెక్సాస్‌కు చెందిన పదహారేళ్ల లోపు అమ్మాయి. చర్చి వాళ్లు పెట్టిన కార్యక్రమంలో అక్కడి యువజన సలహాదారు ఆమె ఫొటో తీసి, ఫ్లికర్‌లో CC BY లైసెన్స్‌తో పెట్టాడు. ఆ లైసెన్స్ వ్యాపారానికి కూడా ఒప్పుకుంటుంది. సంస్థ ఫొటో తీసుకుంది, అది ఎక్కడిదో కూడా ప్రకటన అడుగున వేసింది. పైన మాత్రం కలం స్నేహితులను వదిలించుకోండి అన్న అర్థం వచ్చే వెక్కిరింపు రాసింది. అడిలైడ్‌లో బస్ స్టాప్ దగ్గర ఎవరో చూసి ఫొటో తీసి పెట్టేదాకా, తాను ఒక కంపెనీ ప్రకటనలో ఉన్నానని ఆ అమ్మాయికి తెలియదు. కుటుంబం టెక్సాస్‌లో దావా వేసింది. ఆస్ట్రేలియా కంపెనీ మీద విచారణ జరిపే పరిధి తమకు లేదని 2009లో అక్కడి కోర్టు దాన్ని కొట్టేసింది. అంటే ఎవరిది న్యాయమో తేల్చలేదు.

ఫొటోగ్రాఫర్ ఇవ్వగలిగింది తన హక్కునే. ఎదుటివాళ్ల ముఖం మీద అతనికి హక్కు లేదు. ప్రకటనలో వాడాలంటే ఫొటోలో ఉన్నవాళ్ల రాతపూర్వక అంగీకారం వేరే ఉండాలి. దాన్నే మోడల్ రిలీజ్ అంటారు. అన్‌స్ప్లాష్ నిబంధనల్లో కూడా గుర్తుపట్టగలిగిన మనుషుల రూపాన్ని, కంపెనీల గుర్తులను వాడుకునే హక్కు తమ లైసెన్స్‌లో లేదనే ఉంటుంది. నవ్వుతున్న రైతు ఫొటోను వ్యాసానికి వాడడం ఒక సంగతి, అదే రైతు ఫలానా ఎరువు వాడుతున్నట్టు హోర్డింగ్ వేయడం మరో సంగతి. మధుమేహం, అప్పులు, విడాకుల వంటి విషయాల పక్కన ఎవరో తెలియని ముఖం పెట్టేముందు ఆగి ఆలోచించాలి. వెనక నుంచి తీసినదో, చేతులు మాత్రమే కనిపించేదో వెతికితే గొడవే ఉండదు.

అన్‌స్ప్లాష్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2017 జూన్ దాకా అక్కడి ఫొటోలన్నీ CC0, అంటే ఏ షరతూ లేనివి. ఆ తర్వాత సొంత లైసెన్స్ పెట్టుకున్నారు. పిక్సాబే కూడా 2019లో అదే దారి పట్టింది. సైట్ పేరు తెలిస్తే చాలదు, ఫొటో తీసుకున్న రోజున అక్కడ ఏం రాసి ఉందో ముఖ్యం. ఆ పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా దాచుకుంటే, రేపు ఫొటోగ్రాఫర్ లైసెన్స్ మార్చినా మీ దగ్గర రుజువుంటుంది.

ఫాంట్ల దగ్గర మనవాళ్లు అదృష్టవంతులు. మండలి, రామభద్ర, గురజాడ, నోటో సాన్స్ తెలుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో OFL అనే లైసెన్స్ కింద ఉన్నాయి. పత్రిక, లోగో, బ్యానర్ దేనికైనా వాడుకోవచ్చు, పేరు వేయనక్కర్లేదు. చేయకూడనిది ఫాంట్‌ను ఒక్కదాన్నే అమ్ముకోవడం. మార్చి పంచిపెడితే అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. అసలువాళ్లు పేరును తమకే ఉంచుకున్నామని OFL.txt ఫైల్లో రాస్తే, కొత్తదానికి వేరే పేరు పెట్టాలి. ఒత్తు కాస్త కిందికి జరిపినా సరే.

విండోస్‌తో వచ్చే గౌతమి వేరే లెక్క. దానితో అచ్చు వేసుకోవచ్చు, కానీ ఆ ఫైల్‌ను తీసి ఇంకొకరికి ఇచ్చే వీలు లేదు. పేజీలతో పాటు ఫాంట్ల ఫోల్డర్ కూడా ప్రెస్‌కు పంపేస్తుంటాం కదా, అక్కడే తప్పు జరిగేది. ఫాంట్ పొదిగిన పీడీఎఫ్ పంపితే సరిపోతుంది.

ఐకాన్ల విషయంలో ఒక్క ఫాంట్ ఆసమ్ ఉచిత సంచికలోనే మూడు లైసెన్స్‌లున్నాయి. బొమ్మలకు CC BY 4.0, ఫాంట్ ఫైళ్లకు OFL, కోడ్‌కు MIT. వెబ్‌సైట్‌లో ఫైళ్లను యథాతథంగా వాడితే, కావలసిన పేర్లు వాటి లోపలే రాసి ఉంటాయి. వాటిని తుడిచేయకుంటే చాలు. అదే ఐకాన్‌ను కరపత్రం మీద అచ్చు వేస్తే లోపలి రాత కాగితం మీదికి రాదు కాబట్టి, ఆ పేరును మీరే ఓ మూల వేయాలి. ఇక వాట్సాప్, ఫేస్‌బుక్ గుర్తులు ఆ కట్టలో ఉన్నాయి గానీ, అవి ఆయా కంపెనీల ట్రేడ్‌మార్కులు. మీ వాట్సాప్ నంబర్ పక్కన ఆ గుర్తు పెట్టుకోవచ్చు. దానికి మీ దుకాణం రంగులు వేసి లోగోగా మార్చుకుంటే మాత్రం ఏ ఉచిత లైసెన్సూ మిమ్మల్ని కాపాడదు.