పట్టుదారి: ఒక రోడ్డు కాదు, సంతల వరుస

చైనా నుంచి రోమ్ దాకా ఒకే బిడారు సాగిపోయేదని చాలామంది అనుకుంటారు. సాధారణంగా ఏ వర్తకుడూ అంత దూరం వెళ్లలేదు. ఒక ఒయాసిస్సు పట్టణంలో కొన్న సరుకును తర్వాతి పట్టణాల్లో అమ్మి వెనుదిరిగేవాడు. అక్కడి నుంచి మరొకరు అందుకునేవారు.

దీనికి గట్టి ఆధారం చైనా వాయవ్యంలోని తుర్ఫాన్‌లో దొరికింది. అక్కడ వాడేసిన ప్రభుత్వ కాగితాలతో శవాలకు చెప్పులు, దుస్తులు చేసేవారు. అస్తానా సమాధుల్లోని అలాంటి కాగితాల్లో 7వ శతాబ్దం తొలినాళ్ల తూకపు సుంకం లెక్కలు బయటపడ్డాయి. అమ్మినవారూ కొన్నవారూ ఎక్కువగా సమర్‌కంద్ ప్రాంతపు సోగ్దియన్లే. సరుకులు వెండి, బంగారం, పట్టునూలు, సుగంధ ద్రవ్యాలు, పసుపు, ఇత్తడి, లోహపు పనికీ తోళ్ల పనికీ వాడే నవసాగరం. బేరాలు చాలావరకు చిన్నవే. కొన్ని వారాల్లో సుంకమే వసూలు కాలేదు.

పట్టు ఒట్టి సరుకు కాదు, డబ్బు కూడా. టాంగ్ ప్రభుత్వం సరిహద్దు సైన్యాల ఖర్చుకు పట్టుతానులు పంపేది. అవే స్థానిక సంతల్లో చలామణి అయ్యేవి. 755లో తిరుగుబాటు రేగి ఆ సైన్యాలను వెనక్కి పిలిపించాక, అక్కడి వ్యాపారం బాగా కుంగింది. ఈ సంతలను నిలబెట్టినవి దూరదేశపు విలాసాలకన్నా స్థానిక అవసరాలు, సైన్యపు ఖర్చులే.